బృంద ప్రాజెక్టుపై వ్యక్తిగత సమీక్షా నివేదిక: బోరు నీటిలో ఫ్లోరైడ్ పరిశీలన

సమర్పణ: ఎం.ఎస్సీ. పర్యావరణ విజ్ఞానం, చివరి సెమిస్టర్ ప్రాజెక్టు మూల్యాంకన సంఘానికి
బృందం: నలుగురు విద్యార్థులు
నా బాధ్యత: ప్రయోగశాల విశ్లేషణ, లెక్కలు, ప్రాజెక్టు నివేదికలో మూడో అధ్యాయం

ప్రాజెక్టు నేపథ్యం

నల్గొండ జిల్లాలోని రెండు గ్రామాల్లో బోర్ల నుంచి నీటి నమూనాలు సేకరించి, వాటిలోని ఫ్లోరైడ్ పరిమాణాన్ని కొలిచి, బోర్ల వారీగా పటం తయారు చేయడం మా ప్రాజెక్టు ఉద్దేశం. ఆ ప్రాంతపు గ్రానైట్ శిలల్లోని ఖనిజాల నుంచి ఫ్లోరైడ్ భూగర్భ జలంలోకి చేరుతుంది. కాల్షియం తక్కువగా, బైకార్బొనేట్ ఎక్కువగా ఉన్న నీటిలో అది మరింతగా కరిగి నిలుస్తుంది. తాగునీటికి భారత ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం ఫ్లోరైడ్ లీటరుకు 1.0 మిల్లీగ్రాము దాటకూడదు. వేరే నీటి వనరు లేనప్పుడు మాత్రమే 1.5 మిల్లీగ్రాముల వరకు అనుమతి ఉంది. మిషన్ భగీరథ ద్వారా ఇంటింటికీ కృష్ణా నీరు వస్తున్న ప్రాంతంలో ఈ పరిశీలన ఎందుకని మొదటి సమీక్షలోనే మమ్మల్ని అడిగారు. నల్లా రాని రోజున జనం మళ్లీ చేతిపంపు దగ్గరికే వెళ్తున్నారని, అలాంటి రోజున ఏ బోరుకు వెళ్లవచ్చో ఏ బోరుకు వెళ్లకూడదో చెప్పగలగడమే మా పని ప్రయోజనమని మేము జవాబిచ్చాము. మా అంకెల మీద ఎవరి నిర్ణయాలు ఆధారపడతాయో మాకు మొదటి నుంచీ తెలుసు అని చెప్పడానికే ఈ విషయాన్ని ఇక్కడ ప్రస్తావిస్తున్నాను.

నేను చేసిన పని

నమూనాల సేకరణ, గ్రామస్థులతో మాట్లాడటం పూర్తిగా ఒక మిత్రుడు చూసుకున్నాడు. క్యూజీఐఎస్‌లో పటాలు తయారు చేసినది, స్పాండ్స్ పద్ధతిలో సరిచూపు పరీక్షలు చేసినది మరొక సహాధ్యాయిని. బృంద నాయకురాలు సమన్వయంతో పాటు ఫలితాల విశ్లేషణ అధ్యాయాన్ని రాశారు. ఫ్లోరైడ్ ఎలక్ట్రోడుతో నమూనాలన్నింటినీ కొలవడం, ప్రామాణిక ద్రావణాలు తయారు చేయడం, మిల్లీవోల్టుల రీడింగులను గాఢతలుగా మార్చే ఎక్సెల్ షీటు రూపొందించడం, పద్ధతుల అధ్యాయం రాయడం నా వంతు.

కొలతల వరకు నా పని శ్రద్ధగానే జరిగిందని చెప్పుకోగలను. ప్రామాణిక ద్రావణాలను ఏ పూటకు ఆ పూట కొత్తగా తయారు చేశాను. ఫ్లోరైడ్ గాజుతో చర్య జరిపే అవకాశం ఉంది కనుక ప్లాస్టిక్ పాత్రలే వాడాను. ప్రతి నమూనాకూ సమాన పరిమాణంలో టిసాబ్ ద్రావణం కలిపి, పీహెచ్‌నూ అయాన్ల బలాన్నీ ఒకే స్థాయికి తెచ్చాను. నీటిలోని అల్యూమినియం, ఇనుము పట్టి ఉంచిన ఫ్లోరైడ్ విడివడి కొలతకు అందడానికి ఇది తప్పనిసరి. ఎలక్ట్రోడు వాలు గాఢత పది రెట్లకు 58 మిల్లీవోల్టుల దగ్గర నిలకడగా వచ్చింది, అంటే పరికరం బాగానే పనిచేసింది. తప్పు జరిగింది పరికరం దగ్గర కాదు, నా షీటులో.

లెక్కలో జరిగిన తప్పు

షీటులో ప్రతి నమూనా గాఢతను లెక్కకట్టడానికి నేను రాసిన సూత్రం ఇది. J1 గడిలో వాలు, J2 గడిలో అంతరఖండం, C నిలువు వరుసలో మిల్లీవోల్టుల రీడింగులు ఉన్నాయి.

```
=2*10^((C5-$J$2)/$J$1)
```

నమూనాకు సమాన పరిమాణంలో టిసాబ్ కలపడం వల్ల గాఢత సగమైంది కాబట్టి ఫలితాన్ని రెండుతో గుణించాలని నేను అనుకున్నాను. అయితే ప్రామాణిక ద్రావణాలకు కూడా అదే నిష్పత్తిలో టిసాబ్ కలిపాను, వాటి గాఢతలను మాత్రం కలపకముందున్న విలువలతోనే నమోదు చేశాను. ఆ పలుచన ప్రభావం క్రమాంకన రేఖలోనే ఇమిడిపోయింది కనుక మళ్లీ రెండుతో గుణించవలసిన అవసరం లేదు. మొదటి విడతలోని 18 నమూనాల ఫలితాలూ ఈ కారణంగా అసలు విలువకు సరిగ్గా రెట్టింపుగా వచ్చాయి. వాటిలో 13 బోర్లు 1.5 మిల్లీగ్రాముల పరిమితిని దాటినట్టు కనిపించాయి. సవరణ తరువాత దాటినవి 6 మాత్రమే.

గుణకం పొరపాటు ఎవరికైనా జరగవచ్చు. దానికంటే తీవ్రమైనదని నేను భావిస్తున్నది ఆ తరువాత నేను ప్రవర్తించిన తీరు. స్పాండ్స్ పద్ధతిలో కొన్ని నమూనాలను సరిచూసిన సహాధ్యాయిని తన విలువలు నా విలువల్లో దాదాపు సగమే ఉన్నాయని నాకు చెప్పింది: నాకు 2.3 వచ్చిన చోట ఆమెకు 1.2, నాకు 1.9 వచ్చిన చోట 0.9. క్షారత్వం, అల్యూమినియం ఎక్కువగా ఉన్న నీటిలో స్పాండ్స్ పద్ధతి తక్కువ విలువ చూపుతుందని, ఎలక్ట్రోడు ఫలితాలనే నమ్మాలని నేను ఆమెకు చెప్పాను. ఆ వాక్యం పాఠ్యపుస్తకపరంగా నిజమే, కాబట్టే ఆమె వాదించలేదు. కానీ అటువంటి ఆటంకం నీటిని బట్టి ఒక్కో నమూనాలో ఒక్కో మేరకు ఉంటుంది. అన్ని నమూనాల్లోనూ తేడా ఒకే నిష్పత్తిలో ఉన్నదంటే అది లెక్కలో తప్పుకు గుర్తు. పైగా మా నమూనాల్లోని క్షారత్వం విలువను సగానికి తగ్గించేంత ఎక్కువగా లేదు. ఆమె తెచ్చిన అంకెలను పది నిమిషాలు పక్కపక్కన పెట్టి చూసి ఉంటే ఇది నాకు తెలిసేది. నేను చూడలేదు, ఎందుకంటే నా పద్ధతి మెరుగైనదన్న నమ్మకంతో జవాబు ముందే సిద్ధం చేసుకున్నాను.

రెండో సమీక్షలో మార్గదర్శక అధ్యాపకురాలు, తెలిసిన గాఢత ఉన్న ద్రావణాన్ని నమూనాగా పెట్టి చూశారా అని అడిగారు. ఆ సాయంత్రమే లీటరుకు 1.0 మిల్లీగ్రాము ద్రావణాన్ని కొలిచాను, షీటు 2.0 అని చూపింది. అప్పుడు తప్పును గుర్తించి అదే రోజు బృందానికి తెలియజేశాను. ప్రశ్న బయటి నుంచి వచ్చింది కనుక, తప్పును కనుగొన్న ఘనత నాదని చెప్పుకోవడం సరికాదు.

గ్రామంలో దాని పర్యవసానం

ఈ తప్పు కాగితం మీదే ఉండిపోయి ఉంటే ఇంత వివరంగా రాయవలసిన అవసరం ఉండేది కాదు. రెండో విడత నమూనాలు తేవడానికి వెళ్లేటప్పుడు మొదటి విడత జాబితాను పంచాయతీకి ఇద్దామని మిత్రుడు ప్రతిపాదించాడు. అంకెలు ఖాయమేనా అని నాయకురాలు నన్ను ప్రత్యేకంగా అడిగారు, ఖాయమే అని నేను చెప్పాను. తాత్కాలిక ఫలితాలు అన్న మాట కూడా ఆ జాబితా మీద రాయలేదు. పంచాయతీవారు దాన్ని నమ్మి, మొదటి గ్రామంలో పరిమితి దాటినట్టు జాబితాలో ఉన్న చేతిపంపులకు ఎర్ర రంగు వేయించారు.

పొరపాటు భద్రత వైపే జరిగింది కదా, ఎక్కువ చూపడం వల్ల ఎవరికీ హాని లేదు కదా అని మా బృందంలో ఒక అభిప్రాయం వచ్చింది. నేను దాన్ని అంగీకరించలేకపోతున్నాను. నల్లా నీరు ఆగిన రోజుల్లో ఒక వాడ వారు తమకు దగ్గరలోని చేతిపంపును విడిచి, ఊరి వెలుపల ఉన్న ఒక వ్యవసాయ బోరు నుంచి నీళ్లు మోసుకున్నారని మిత్రుడు తరువాత తెలుసుకున్నాడు. ఆ చేతిపంపు సవరించిన విలువ 0.9. వ్యవసాయ బోరును మేము అప్పటికి పరీక్షించనే లేదు. రెండో విడతలో పరీక్షించినప్పుడు దాని విలువ 1.7 వచ్చింది. అంటే మా జాబితా వారిని మంచి నీటి నుంచి చెడ్డ నీటి వైపు పంపింది. సవరించిన జాబితాతో మేము నలుగురమూ గ్రామానికి వెళ్లి, పంచాయతీ కార్యాలయంలో తప్పు ఎక్కడ జరిగిందో నేనే వివరించాను. తప్పుగా రంగు వేసిన పంపులకు దాన్ని తీయించారు. అయితే, ‘ఈసారి చెప్పింది మాత్రం నిజమని ఎట్లా నమ్మాలె?’ అని అక్కడ ఒక పెద్దాయన అడిగిన ప్రశ్నకు, తెలిసిన ద్రావణంతో సరిచూశామని చెప్పడం మినహా మా దగ్గర వేరే సమాధానం లేకపోయింది.

బృందంగా మా లోపాలు

పనిని నాలుగు ముక్కలు చేసుకున్న తరువాత ఒకరి ముక్కను మరొకరు చూడలేదు. నా షీటును తప్పు బయటపడే దాకా నా ల్యాప్‌టాప్‌లోనే ఉంచుకొని, ఫలితాల నిలువు వరుసను మాత్రమే వాట్సాప్‌లో పంపేవాణ్ణి. సూత్రం ఎవరికీ కనిపించలేదు కాబట్టి ఎవరూ ప్రశ్నించే వీలూ లేకపోయింది. ఇది ఇతరుల నిర్లక్ష్యం అనడం కంటే, వారికి అవకాశం ఇవ్వని నా అలవాటు అనడమే న్యాయం. రెండో లోపం చిన్నదే: సీసాల మీద నీటికి చెరిగే మార్కరుతో రాయడం వల్ల తెచ్చిన 35 నమూనాల్లో మూడింటి గుర్తులు చెరిగిపోయాయి, వాటిని వదిలేయవలసి వచ్చింది.

సభ్యుల వాటా పత్రంలో నలుగురికీ 25 శాతం చొప్పున రాసి అందరం సంతకం చేశాము. అది స్నేహం కోసం రాసిన అంకె. ఎండలో ఊళ్లు తిరిగి, ప్రతి బోరు లోతునూ వాడకాన్నీ అడిగి రాసుకున్న మిత్రుడి శ్రమ మా అందరికంటే ఎక్కువ. నా తప్పు కారణంగా విశ్లేషణ అధ్యాయాన్ని నాయకురాలు పూర్తిగా తిరిగి రాయవలసి వచ్చింది, పటాలన్నీ మళ్లీ గీయవలసి వచ్చింది. వాటాను తిరిగి నిర్ణయిస్తే నాది 25 కంటే తక్కువగానే ఉండాలి.

మార్చుకున్న పద్ధతి

రెండో విడత 14 నమూనాలను వేరే తీరులో కొలిచాము. ప్రతి పూట మొదట్లోనూ చివరలోనూ తెలిసిన ద్రావణాన్ని నమూనాల వరుసలోనే, నమూనాగా భావించి కొలిచి, విలువ పది శాతం కంటే ఎక్కువ తేడాగా వస్తే ఆ పూట ఫలితాలను పక్కన పెట్టాలని నిర్ణయించుకున్నాము. రీడింగుల నుంచి గాఢత వరకు లెక్కను షీటు చూడకుండా మరో సభ్యురాలు కాలిక్యులేటరుతో కొన్ని నమూనాలకు చేసి సరిపోల్చింది. షీటును అందరూ తెరవగలిగేలా గూగుల్ డ్రైవ్‌లో పెట్టాను. రెండు పద్ధతుల ఫలితాలు తేడాగా ఉన్నప్పుడు కారణం చెప్పే ముందు ఆ తేడాను గ్రాఫుగా గీసి చూడాలన్నది నాకు నేను పెట్టుకున్న నియమం. రెండో విడతలో ఒక నమూనాలో నిజంగానే అల్యూమినియం ఆటంకం కనబడింది, దాన్ని ఈసారి ఊహతో కాక కొలతతో నిర్ధారించగలిగాము.

తుది లెక్క ప్రకారం 32 బోర్లలో 11 బోర్లు 1.5 మిల్లీగ్రాములు దాటాయి, 9 బోర్లు 1.0కు 1.5కు మధ్య ఉన్నాయి, 12 బోర్లు 1.0 లోపు ఉన్నాయి. ఇవన్నీ వేసవి నమూనాలే. వానల తరువాత నీటి మట్టం పెరిగినప్పుడు విలువలు మారవచ్చు కనుక, పంచాయతీకి ఇచ్చిన సవరణ జాబితా మీద ఈసారి నమూనా తీసిన నెలను, వర్షాకాలం తరువాత మళ్లీ పరీక్షించాలన్న సూచనను స్పష్టంగా రాశాము. తప్పు సూత్రంతో ఉన్న పాత షీటును తొలగించకుండా, సవరించిన షీటుతో పాటు అనుబంధంలో జతచేశాను. వాటా పత్రాన్ని తిరిగి రాయడానికి అనుమతించవలసిందిగా మూల్యాంకన సంఘాన్ని కోరుతున్నాను. మిగతా ముగ్గురూ అందుకు అంగీకరించారు.