మాస్టారూ, ఈ యూనిఫాం మీరిచ్చిందే

గురుపూజోత్సవ శుభాకాంక్షలు మాస్టారూ. మీకూ, అమ్మగారికీ పాదాభివందనం.

ఫొటోలో నా పక్కన ఉన్నదెవరని అడిగేవాళ్ళకి: పర్లాకిమిడిలో మాకు సైన్స్ చెప్పిన మాస్టారు. నేను నర్సునయ్యానంటే ఈయన వల్లే.

పదో తరగతి అవ్వగానే నాకు పలాస సంబంధం దాదాపు ఖాయమైపోయింది. నాన్న కిరాణా కొట్లో కూర్చుని పొట్లాలు కట్టేదాన్ని. సంతకి కొండ దిగి వచ్చే సవర ఆడవాళ్ళతో బేరాలాడి వాళ్ళ మాట నాకూ పట్టుబడింది. ఒకరోజు ఓ తల్లి చంటిదాన్ని చంకనేసుకుని వచ్చి, ఆసుపత్రిలో ఇచ్చిన మందు సీసా చూపించి ఎలా పట్టాలని అడిగింది. చీటీ ఒడియాలో ఉంది. చదివి, సీసా మూతలో నీళ్ళు పోసి, 'ఇదిగో, ఈ గీత దాకా, పొద్దున ఓసారి, రాత్రి ఓసారి' అని ఆమె భాషలో చెప్పాను. ఆమె నా చేతిలో మూత తీసుకుని తనూ పోసి చూపించింది. పంచదారకి వచ్చిన మీరు అదంతా అయ్యేదాకా పక్కనే నిలబడ్డారు.

ఆ సాయంత్రమే మా ఇంటికొచ్చారు. "ఈ ఊళ్ళో మాస్టారిగా ఉంటూనే గిడుగు రామమూర్తి గారు సవర భాష నేర్చుకుని, వాళ్ళకి బళ్ళు పెట్టారు. మీ అమ్మాయికి ఆ భాష ముందే వచ్చు. దీన్ని నర్సుని చెయ్యకపోతే ఎలాగయ్యా?" అన్నారు నాన్నతో. నాన్న తలొంచుకున్నారు గానీ ఒప్పుకోలేదు. మర్నాడు మళ్ళీ వచ్చారు. ఆ పై వారం కూడా. ఇంకొకరి పిల్ల కోసం అన్నిసార్లు గుమ్మమెక్కే ఓపిక ఎవరికుంటుంది మాస్టారూ!

ప్లస్ టూ రెండేళ్ళూ సాయంత్రం మీ అరుగు మీదే కెమిస్ట్రీ. పైసా తీసుకోలేదు. మన రాజావారి పేరున్న మెడికల్ కాలేజీ ఊరికి, బరంపురానికి, నన్నూ నాన్ననీ మీరే తీసుకెళ్ళి జీఎన్ఎం అప్లికేషన్ పెట్టించారు. మూడేళ్ళ కోర్సు, హాస్టల్, ఒంటరిగా ఎలా ఉంటుందోనని అమ్మకి ఒకటే టెన్షన్. మీరు ఫోన్ చేసి ధైర్యం చెప్పని నెల లేదు.

ఇప్పుడు వార్డులో సవర పేషెంట్ వస్తే డాక్టర్లు ముందు నన్నే పిలుస్తారు. నొప్పి ఎక్కడో తన మాటలోనే చెప్పుకోగలిగితే రోగి మొహం ఎంత తేలికపడుతుందో రోజూ చూస్తున్నాను. కొట్లో మీరు కనిపెట్టింది ఇదే కదా.

మీ రుణం తీరేది కాదు, తీర్చుకోవాలనీ లేదు. దసరాకి వస్తున్నాను. బీపీ చూస్తాను, ఉప్పు తగ్గించారో లేదో అమ్మగారిని అడుగుతాను. ఆవకాయ జాడీ దాచిపెట్టమని ఇప్పుడే చెబుతున్నాను.

మీ శిష్యురాలు

#గురుపూజోత్సవం #పర్లాకిమిడి #మామాస్టారు