డైరెక్టర్ల బోర్డు 7వ సమావేశం మినిట్స్ – అంశం 4: సంబంధిత పక్షం నుంచి గోదాము లీజు

2025 మార్చి 14, శుక్రవారం, ఉదయం 11 గంటలు. ఏడుగురు డైరెక్టర్లూ హాజరయ్యారు. కోరం నలుగురు.

ప్రయోజనం వెల్లడి: గోదాము యజమాని అయిన భాగస్వామ్య సంస్థలో తన భార్యకు 40 శాతం వాటా ఉందని అధ్యక్ష స్థానంలో ఉన్న మేనేజింగ్ డైరెక్టర్, తనకు 15 శాతం ఉందని ఆర్థిక డైరెక్టర్ తెలిపి, రాతపూర్వక పత్రాలు అందజేశారు. గోదాము పైకప్పు మరమ్మతుల గురించి సభ్యులు అడిగిన వివరాలు చెప్పి, ఈ అంశం కాగితాలు బల్లమీదే వదిలి, 11.25కు ఇద్దరూ గది బయటికి వెళ్లారు. మిగిలిన ఐదుగురు తమలో సీనియర్ స్వతంత్ర డైరెక్టర్‌ను ఈ అంశానికి అధ్యక్షురాలిగా ఎన్నుకున్నారు.

చర్చ: పోలిక కోసం మూడు కొటేషన్లు జతచేశారు. మూడవదానిపై సంతకం, గోదాము సంస్థ భాగస్వామ్య పత్రంలోని ఒక సంతకం ఒకే వ్యక్తివని ఆడిట్ కమిటీ అధ్యక్షుడు రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూపించారు. ఆ కొటేషన్‌ను పక్కన పెట్టారు. అది కట్టలోకి ఎలా చేరిందో కార్యదర్శి విచారించి ఆడిట్ కమిటీకి లిఖితపూర్వకంగా తెలపాలి.

కారణాలు: మిగిలిన రెండు కొటేషన్ల కంటే ఈ అద్దె తక్కువ. స్వతంత్ర మదింపుదారు ఇచ్చిన అద్దె పరిధిలోని కనిష్ఠానికి ఇది 4 శాతం దిగువన ఉంది. అయినా అద్దె ఒక్కటే చూసి ఆమోదించడం లేదని సభ్యులు స్పష్టంగా రాయించారు. మిగతా రెండు గోదాములూ ఫ్యాక్టరీకి 18 కిలోమీటర్లకు పైగా దూరం. రవాణా ఖర్చు కలిపితే తేడా ఇంకా పెరుగుతుంది. ప్రతిపాదించిన తొమ్మిదేళ్ల గడువు మాత్రం ఎవరికీ నచ్చలేదు. బయటి యజమానికి సంస్థ ఎప్పుడూ మూడేళ్లకు మించి కట్టుబడలేదు. సొంతవారికి అంతకంటే మెరుగైన షరతు ఇస్తే వాటాదారులకు జవాబు చెప్పలేమని అందరూ భావించారు.

తీర్మానం: మూడేళ్ల లీజుకు, ఏటా 5 శాతం మించని పెంపుతో, 90 రోజుల నోటీసుతో సంస్థ వైదొలగే హక్కుతో ఆమోదం. అనుకూలం నలుగురు, వ్యతిరేకం ఒకరు. మూడవ కొటేషన్ విచారణ ముగిసే దాకా ఆగి ఉండవలసిందని వ్యతిరేకించిన సభ్యురాలి అభిప్రాయం. ఆమె కోరిక మేరకు దాన్ని ఇక్కడ నమోదు చేశారు.

లీజు సంతకం, చెల్లింపుల పరిశీలన ఆడిట్ కమిటీ ద్వారానే జరగాలి. సంబంధం స్వభావం, లావాదేవీ మొత్తం, బకాయిలను అంతర్జాతీయ అకౌంటింగ్ ప్రమాణం ఐఏఎస్ 24 ప్రకారం వార్షిక లెక్కల్లో వెల్లడించాలి.

12.10కి ఇద్దరు డైరెక్టర్లూ తిరిగి వచ్చారు. తీర్మానం చదివి వినిపించారు. గడువు పొడిగింపును మళ్లీ పరిశీలించవచ్చా అని మేనేజింగ్ డైరెక్టర్ అడిగారు. యజమాని సంస్థ మూడేళ్లకు అంగీకరించకపోతే ఆమోదం రద్దవుతుందని, అంశం మొదటి నుంచి బోర్డు ముందుకు రావాలని అధ్యక్షురాలు చెప్పారు. ఆయన అధ్యక్ష స్థానం తిరిగి స్వీకరించాక అంశం 5 చేపట్టారు.