ఉస్తాద్ గారికి వీడ్కోలు మాట

పూజ్యులైన ఉస్తాద్ గారికి, ఈ షెడ్డులో నాతోపాటు మిషన్ల ముందు నిలబడ్డ అన్నలకు, తమ్ముళ్లకు నమస్కారాలు. నోటితో చెప్పబోతే గొంతు పూడుకుపోతుందన్న భయంతో ఈ మాటలు రాసుకొచ్చి చదువుతున్నాను.

ఐటీఐలో రెండేళ్ల టర్నర్ కోర్సు ముగించి మూడేళ్ల కిందట మీ దగ్గర చేరినప్పుడు నాకు పని వచ్చనే అనుకున్నాను. మీరు మాత్రం మొదటి నెలంతా నన్ను లేత్ ముట్టుకోనివ్వకుండా గ్రైండింగ్ రాయి దగ్గరే ఉంచారు. అప్పుడు బాధపడ్డాను. టూల్ అంచు పదునుగా ఉన్నప్పుడు వచ్చే చప్పుడుకూ, మొద్దుబారినప్పుడు వచ్చే కీచుకూ తేడా నా చెవికి అక్కడే తెలిసింది. చక్ కీని చక్‌లోనే వదిలి పక్కకు తిరిగినందుకు, చేతి తొడుగులతో తిరుగుతున్న జాబ్ దగ్గరికి వచ్చినందుకు మీరు గట్టిగా కసిరారు. ఈ రోజు నా పది వేళ్లూ క్షేమంగా ఉన్నాయంటే ఆ కసురే కారణం.

నేను మరచిపోలేనిది ఆ మోటారు షాఫ్టు సంగతి. వరి పొట్టకొచ్చిన రోజుల్లో నర్సంపేట వైపు నుంచి వచ్చిన ఒక రైతు, అరిగిన షాఫ్టు మన చేతిలో పెట్టి గుమ్మం దగ్గరే కూర్చున్నాడు. 6205 బేరింగ్ కూర్చోవలసిన చోట వెల్డింగ్ పోసి 25 మి.మీ.కు తిప్పమన్నారు. ఆయన తొందర చూసి నేను చేయి పెట్టలేనంత వేడి మీదే కొలిచి, మైక్రోమీటర్‌లో సైజు వచ్చిందని మిషన్ ఆపేశాను. చల్లారాక బేరింగ్ వదులుగా జారిపోయింది. ఆ లావు ఉక్కు వంద డిగ్రీలు వేడెక్కితే దాదాపు 0.03 మి.మీ. ఉబ్బుతుందని మీరు ఆ రోజు షాఫ్టును చేతిలో పట్టుకునే వివరించారు. అంతకుముందు ఆ రైతు దగ్గరికి వెళ్లి, పొరపాటు మా షెడ్డుదని, మళ్లీ చేసిస్తామని, కూలి వద్దని చెప్పారు. నా పేరు ఎత్తలేదు. రాత్రి పది దాటేదాకా నా పక్కనే నిలబడి, నీళ్లు పోసి చల్లార్చనివ్వకుండా, దానంతటది చల్లారేదాకా కూర్చోబెట్టి నా చేతనే పూర్తి చేయించారు.

సోమవారం నుంచి బాలానగర్‌లో సీఎన్‌సీ మిషన్ మీద పని. అక్కడ కొలతలు తెర మీద కనిపిస్తాయి. అయినా ఏ జాబ్ దించినా ముందు అరచేతితో తాకి వేడి చూడకుండా మైక్రోమీటర్ పట్టుకోను. దసరాకు మిషన్లకు పూజ చేసేనాటికి తప్పకుండా వస్తాను, నా లేత్‌కు బొట్టు నన్నే పెట్టనివ్వండి.

రెండో లేత్ చక్‌లో ఉన్న షాఫ్టుకు 25.5 వరకు రఫ్ కట్ తీసి ఉంచాను. ఇప్పుడు చల్లారి ఉంటుంది. ఆఖరి కట్ మీరు తీస్తుంటే పక్కన నిలబడి ఒక్కసారి చూసి బయలుదేరతాను, ఉస్తాద్.