పదో తరగతి సాంఘికశాస్త్రం యూనిట్ టెస్ట్: ఫోటో చూసి ఎత్తిరాసిన ప్రశ్నపత్రం

జ్వరంతో పరీక్షకి రాలేకపోయిన మీ ముగ్గురి కోసం పేపరంతా టైప్ చేశాను. ఫోటో తీసినప్పుడు కాగితం కాస్త వంకరగా ఉంది. అందుకే కుడి అంచున ఉన్న మార్కులు ఒక వరుస కిందికి జారినట్టు కనిపిస్తాయి. ఫోటో పక్కన పెట్టి, దీన్నే చూసి రాయండి. చదువుతూ నేను కలిపిన మాటలు [ ] లోపల ఉన్నాయి.

సమయం: 1 గంట 15 ని. గరిష్ఠ మార్కులు: 25

సెక్షన్ – 1 (5 × 1 = 5 మా.)
అన్ని ప్రశ్నలకు ఒక్క వాక్యంలో జవాబు రాయండి.

1. భారతదేశ ప్రామాణిక రేఖాంశం ఏది?
2. ఆంధ్ర రాష్ట్రం ఏ తేదీన ఏర్పడింది?
3. జతకాని దానిని గుర్తించండి: గోదావరి, కృష్ణా, నర్మద, కావేరి
4. రాజ్యసభకు అధ్యక్షత వహించేది ఎవరు?
5. స్థూల దేశీయోత్పత్తి అంటే ఏమిటి?

సెక్షన్ – 2 (2 × 2 = 4 మా.)

6. నైరుతి రుతుపవన కాలంలో తమిళనాడు తీరంలో వర్షం తక్కువగా పడుతుంది. కారణం రాయండి.
7. ప్రచ్ఛన్న నిరుద్యోగాన్ని మీ ఊరి ఉదాహరణతో వివరించండి.

సెక్షన్ – 3 (2 × 4 = 8 మా.)

8. పట్టికను పరిశీలించి జవాబులు రాయండి.

భారతదేశంలో ప్రతి 1000 మంది పురుషులకు స్త్రీల సంఖ్య

| సంవత్సరం | స్త్రీలు |
|---|---|
| 1981 | 934 |
| 1991 | 927 |
| 2001 | 933 |
| 2011 | 943 |

[1991 అంకె మీద వేలి నీడ పడింది. ఫోటో పెద్దది చేసి చూస్తే 927 అని స్పష్టంగానే ఉంది.]

(అ) లింగ నిష్పత్తి అంటే ఏమిటి? (1 మా.)
(ఆ) పట్టికలో నిష్పత్తి అతి తక్కువగా ఉన్న సంవత్సరం ఏది? (1 మా.)
(ఇ) 1991 తరువాత వచ్చిన మార్పును చెప్పి, అందుకు రెండు కారణాలు రాయండి. (2 మా.)

[ఫోటోలో 2 మార్కులు (ఇ) కన్నా కింద, 9వ ప్రశ్న పక్కన ఉన్నట్టు కనిపిస్తుంది. అది (ఇ)దే. 1+1+2 కలిపితేనే 4 వస్తుంది.]

9. మీకిచ్చిన భారతదేశ పటంలో గుర్తించండి. (4 × 1 = 4 మా.)
(అ) దండి
(ఆ) మహానది
(ఇ) ఛోటానాగ్‌పూర్ పీఠభూమి
(ఈ) చిల్కా సరస్సు

[(ఈ) వెనక పేజీ మొదట్లో ఒంటరిగా పడింది. దాన్ని 10వ ప్రశ్నలో భాగం అనుకోకండి.]

సెక్షన్ – 4 (1 × 8 = 8 మా.)
ఏదైనా ఒకదానికి జవాబు రాయండి.

10. (అ)
(క) సహాయ నిరాకరణ ఉద్యమం మొదలవడానికి దారితీసిన కారణాలేమిటి? (3 మా.)
(ఖ) 1922లో గాంధీజీ ఆ ఉద్యమాన్ని ఎందుకు నిలిపివేశారు? ఆ నిర్ణయంపై మీ అభిప్రాయం రాయండి. (5 మా.)

లేదా

(ఆ)
(క) భూగర్భజలాలు తగ్గిపోవడానికి కారణాలు రాయండి. (4 మా.)
(ఖ) మీ గ్రామంలో నీటిని కాపాడుకోవడానికి నాలుగు సూచనలు ఇవ్వండి. (4 మా.)

[“లేదా” ముద్రణలో సగం చెరిగిపోయింది. రెండు వైపులా 8 మార్కులే ఉన్నాయి కాబట్టి (అ), (ఆ) రెండూ రాస్తూ కూర్చోవద్దు. చివర నీలం పెన్నుతో ఉన్న టిక్కులు ఫోటో తీసిన పిల్లవాడివి, పేపరులోవి కావు. వాటిని వదిలేశాను.]