చిట్టా పద్దు 118: బాటిల్ మౌల్డింగ్ యంత్రంపై ఇంపెయిర్‌మెంట్ నష్టం

తేదీ: 31-12-2024. అంకెలన్నీ వేలల్లో.

ఇంపెయిర్‌మెంట్ నష్టం ఖాతా … డెబిట్ 1,105
To పేరుకున్న ఇంపెయిర్‌మెంట్ నష్టం (మౌల్డింగ్ యంత్రం) ఖాతా … క్రెడిట్ 1,105

(యంత్రం నుంచి రాబట్టుకోగల మొత్తం పుస్తక విలువ కంటే తగ్గినందున, ఐఏఎస్ 36 ప్రకారం ఆ తేడాను నష్టంగా నమోదు చేయడమైనది.)

లాభనష్టాల ఖాతా … డెబిట్ 1,105
To ఇంపెయిర్‌మెంట్ నష్టం ఖాతా … క్రెడిట్ 1,105

(నష్టాన్ని లాభనష్టాల ఖాతాకు మళ్లించడమైనది. యంత్రాన్ని ఎప్పుడూ రీవాల్యుయేషన్ చేయలేదు కాబట్టి మిగులు నుంచి సర్దేదేమీ లేదు.)

పద్దుకు ఆధారం

యంత్రాన్ని 1-1-2021న 6,000కు కొన్నాం. పదేళ్ల ఆయుష్షు, స్క్రాప్ విలువ సున్నా, ఏటా తరుగుదల 600. ఈ ఏడాది తరుగుదల వేశాకే పరీక్ష చేశాం. నాలుగేళ్లకు 2,400 పోగా పుస్తక విలువ 3,600.

అక్టోబరులో ప్రధాన కస్టమర్ బాటిళ్లు మానేసి పౌచ్‌లకు మారడంతో పరీక్ష తప్పనిసరైంది. ఈ యంత్రం బాటిళ్లను విడిగానే అమ్ముతాం, డబ్బు దాని పేరనే వస్తుంది. అందుకే ప్లాంటు మొత్తంతో కలపకుండా దీన్నొక్కదాన్నే చూశాం.

అమ్మితే: మార్కెట్ ధర 2,450, విప్పడానికి, కమీషన్‌కు 150. చేతికి 2,300.

వాడితే: ఆర్డర్లను బట్టి ఇంకా నాలుగేళ్లే నడుస్తుంది. నికర రాబడి వరుసగా 900, 850, 800, 700. పన్నుకు ముందు రేటు 12 శాతంతో నేటి విలువ 804 + 678 + 569 + 445, సర్దుబాటు తర్వాత 2,495.

రెండిట్లో ఎక్కువైన 2,495నే తీసుకున్నాం. 3,600 నుంచి అది తీసేస్తే 1,105.

సేల్స్ వాళ్లు ఏటా 1,000 వస్తుందని ఇచ్చారు. అది నమ్మితే నష్టం 563కే ఆగేది. ఆడిట్‌లో మొదటి ప్రశ్న దీని మీదే వస్తుంది. చేతిలో ఉన్న ఆర్డర్ల లిస్టు ఏటా తగ్గుతున్నట్టు చూపిస్తుంటే రాబడి మాత్రం నిలకడగా ఉంటుందని రాయలేం. అందుకే తగ్గించాం. లిస్టు కాపీ వోచర్‌కు జత చేశాం.

2025 నుంచి

కొత్త తరుగుదల 2,495 ÷ 4, అంటే సుమారు 624. నష్టం రాశాం కదా, తరుగుదల తగ్గాలి కదా అని ఎవరైనా అడగొచ్చు. విలువతో పాటు ఆయుష్షు కూడా ఆరేళ్ల నుంచి నాలుగుకి దిగింది, అందుకే పాత 600 కంటే కాస్త పెరిగింది. ఫిక్స్‌డ్ అసెట్స్ రిజిస్టర్‌లో రెండూ మార్చాలి. విలువ ఒక్కటే మారిస్తే సాఫ్ట్‌వేర్ ఏటా 416 మాత్రమే వేస్తుంది.

పన్ను లెక్కలో ఈ నష్టం ఇప్పుడే ఒప్పుకోరు కాబట్టి డిఫర్డ్ టాక్స్‌కు విడిగా వోచర్ ఉంటుంది.

ఆర్డర్లు మళ్లీ పుంజుకుంటే నష్టాన్ని వెనక్కి తీయొచ్చు. అయితే 2025 చివర పుస్తక విలువ 2,700 దాటకూడదు. ఈ పద్దే లేకపోతే, మిగిలిన నాలుగేళ్ల ఆయుష్షుతో 3,600లో ఏడాది తరుగుదల 900 పోగా అప్పటికి మిగిలేది అంతే.