ప్రొబేషన్ సమీక్ష: ఇన్‌వర్డ్ సూపర్‌వైజర్ పదవిలో ఖరారు చేయడం గురించి

గుంటూరు, 2025 జులై 30

ఇన్‌వర్డ్ సూపర్‌వైజర్ గారికి,

ఫిబ్రవరి 3న మీరు మన కోల్డ్ స్టోరేజీలో చేరినప్పుడు ఇచ్చిన నియామక పత్రంలో మూడు లక్ష్యాలు ఉన్నాయి. దిగిన సరుకుకు అదే రోజు బాండ్ ఇవ్వడం, పుస్తకంలోని నిల్వకూ చాంబర్‌లోని నిల్వకూ తేడా రాకుండా చూడడం, రాత్రి షిఫ్టులో నాలుగు గంటలకోసారి ఉష్ణోగ్రత చూసి రిజిస్టరులో రాయడం.

బాండ్ల విషయంలో చెప్పవలసింది తక్కువే. మార్చిలో కాటా ప్రింటరు పాడైన రెండు రోజులు తప్ప ఏ రైతూ మరుసటి రోజు బాండ్ కోసం తిరగలేదు. ఆ ఆలస్యాన్ని మీ ఖాతాలో వేయడం లేదు.

నిల్వల దగ్గర మీరు అనుకున్నదానికంటే బాగా చేశారు. తేజ, 334 రకాల మిర్చి పక్కపక్కనే పేర్చినప్పుడు లాట్ నంబరు ఒకవైపే ఉండడం వల్ల వెనక వరుసలో టిక్కీ ఎవరిదో తేల్చడానికి ముఠావాళ్లు పై వరుసలన్నీ దించవలసి వచ్చేది. మీరు నంబరును రెండువైపులా రాయించారు. జూన్ లెక్కింపులో మూడో చాంబర్‌లో పుస్తకం ప్రకారం ఉండవలసిన 6,240 టిక్కీలలో రెండు కనిపించకపోతే, అవి పక్క లాట్‌లో కలిసిపోయాయని పావుగంటలో తేలింది. ఇంత చిన్న పని ఇన్నేళ్లుగా మాకెవరికీ తట్టలేదు.

మూడో లక్ష్యం గురించి వివరంగా రాయాలి. మే 19 రాత్రి రిజిస్టరులో 12 గంటలకూ, తెల్లవారుజామున 4 గంటలకూ ఒకే అంకె, ఒకే పెన్నుతో ఉంది. ఆ రాత్రి 1:40కి కరెంటు పోయి జనరేటరు వేశారని ఆపరేటరు పుస్తకం చెబుతోంది, చాంబర్‌లో డిగ్రీన్నర పెరిగిందని డేటా లాగర్ చూపుతోంది. సరుకుకు నష్టం జరగలేదు. అయినా చూడకుండా రాసిన అంకె, అసలు రాయని అంకె కంటే ప్రమాదం, ఎందుకంటే బ్యాంకు అప్పు తీసుకుని సరుకు మన దగ్గర పెట్టిన రైతుకు ఆ రిజిస్టరు తప్ప మరో ఆధారం లేదు. అడిగిన వెంటనే మీరు ఒప్పుకున్నారు, లారీల దగ్గర ఆలస్యమైందన్నారు. ఆ వారం గేటు బయట బారులు నేనూ చూశాను గనుక అది సాకు కాదని తెలుసు, కానీ అలాంటప్పుడు ఆ గడి ఖాళీగా వదిలి కారణం రాయవలసింది.

ప్రొబేషన్‌ను మూడు నెలలు పొడిగించాలని అప్పట్లో అనుకున్నాను. జూన్, జులై నెలల్లో మీ రాతలను ప్రతి వారం లాగర్‌తో సరిచూశాను. ఎక్కడా తేడా లేదు, రెండుచోట్ల గడి ఖాళీగా ఉంది, పక్కన కారణం ఉంది.

కాబట్టి ఆగస్టు 3 నుంచి మిమ్మల్ని ఈ పదవిలో ఖరారు చేస్తున్నాము. నియామక పత్రంలో చెప్పిన జీతం పెంపు అదే రోజు నుంచి వర్తిస్తుంది. మే 19 విషయంపై ఈ లేఖ మీ ఫైలులో ఉంటుంది. సీజన్‌లో రాత్రి షిఫ్టుకు రెండో మనిషిని ఇవ్వాలన్న మీ కోరిక న్యాయమైనదే, ఫిబ్రవరిలోగా ఇస్తాము. ఇందులో దేనితోనైనా మీరు ఏకీభవించకపోతే ఆగస్టు 8లోగా రాసివ్వండి, అది కూడా ఫైలులో చేరుతుంది.

మేనేజర్