భోజనం గురించి మీతో ఒక మాట, ఆంటీ

ఆంటీ గారూ, నమస్తే.

ఫోన్‌లో చెప్తే సగం మాటలు మిగిలిపోతాయని, మీకైనా తీరిగ్గా చదువుకునే వీలుంటుందని రాస్తున్నాను. కొంచెం పెద్ద మెసేజే, ఏమనుకోకండి. రెండో అంతస్తు అమ్మాయిలందరికీ చదివి వినిపించి, వాళ్లు సరేనన్నాకే పంపిస్తున్నాను. విషయం మన పీజీ భోజనం. సంక్రాంతి తర్వాత బాగా తగ్గిపోయింది. పోయిన వారం నలుగురు మంచం పట్టాక ఇక మీ చెవిన వేయక తప్పదనిపించింది.

ముందు ఆ సంగతే చెప్తాను. గురువారం రాత్రి అన్నం, వంకాయ కూర. తెల్లారేసరికి నలుగురికి వాంతులు, విరేచనాలు. ముగ్గురు మధ్యాహ్నానికల్లా తేరుకున్నారు. పరకాల అమ్మాయిని మాత్రం ఆస్పత్రికి తీసుకెళ్లి సెలైన్ పెట్టించాల్సి వచ్చింది. వాళ్ల నాన్న మొదటి బస్సుకే వచ్చారు పాపం. మన అన్నం వల్లే అయిందని నేను ఖాయంగా అనలేను, ఎవరూ పరీక్ష చేయించలేదు. కానీ ఒక్కటి మాత్రం గమనించాం. ఆ నలుగురూ కోచింగ్ నుంచి, డ్యూటీ నుంచి ఆలస్యంగా వచ్చి తొమ్మిదిన్నర దాటాక తిన్నవాళ్లే. అప్పటికి రాత్రి వండిన అన్నం అయిపోయింది. పొద్దున బాక్సులకు వండగా మిగిలిన అన్నాన్ని వేడి చేసి వడ్డించారు. ముందే తిన్న మాకెవరికీ ఏమీ కాలేదు.

ఎంజీఎంలో నర్సింగ్ డ్యూటీ చేసే అమ్మాయి మాకు అర్థమయ్యేలా చెప్పింది. వండిన అన్నం గంటల తరబడి బయట ఉంటే అందులో ఒక రకం క్రిములు పెరిగి విషం తయారుచేస్తాయట. మళ్లీ వేడి చేస్తే క్రిములు చచ్చినా ఆ విషం పోదట. వేడిగా పొగలు వస్తోంది కదా అని తింటాం, తెలియదు. రెండు గంటలు దాటితే ఫ్రిజ్‌లో పెట్టాలి, లేదంటే పారేయాలి అంది. ఇంకా ఏప్రిల్ కూడా రాలేదు. మన హన్మకొండ ఎండలు మీకు చెప్పాలా, మే నెలలో ఆ వంటగదిలో పొద్దుటి అన్నం రాత్రి దాకా ఎట్లా ఆగుతుంది?

వంట అక్కను ఏమీ అనకండి. ఇది నేను గట్టిగా చెప్పాలనుకున్న మాట. ఆమె చేతిలో రుచి ఉంది. పోయిన నెల ఒక ఆదివారం మీరు ఉన్నప్పుడు చేసిన పచ్చిపులుసు, ఆలుగడ్డ వేపుడు ఇప్పటికీ చెప్పుకుంటాం. ఇదివరకు ఇద్దరు వండేవాళ్లు. పెద్దామె ఊరికి వెళ్లిపోయాక ఈమె ఒక్కతే 38 మందికి టిఫిన్, బాక్సులు, రాత్రి వంట, పైగా గిన్నెలు. అందుకే పొద్దున ఒకేసారి పెద్ద బగోనెలో అన్నం వార్చేస్తోంది. ఆమె స్థానంలో ఎవరున్నా అదే చేస్తారు. మీరు హసన్‌పర్తికి మారకముందు కింద పోర్షన్‌లో ఉండి రోజూ మాతోపాటే తినేవారు కాబట్టి ఇవన్నీ మీ కంట పడేవి. ఇప్పుడు వారానికి ఒకసారి వస్తే, ఆ రోజు వంట బాగానే ఉంటుంది మరి!

బియ్యం సంగతి ఇంకోటి. కొత్తగా వచ్చిన బస్తాల్లో ముక్క వాసన ఉంది, పురుగులు కూడా కనిపిస్తున్నాయి. పళ్లెంలో పురుగు వచ్చిన రెండు ఫొటోలు ఈ మెసేజ్ కింద పెడుతున్నాను. దొడ్డు బియ్యమైనా తింటాం, అది కాదు సమస్య. రేషన్ షాపులోనే సన్నబియ్యం ఇస్తున్న రోజుల్లో నెలకు 6,500 కట్టి పురుగులు ఏరుకుంటున్నామంటే ఇంట్లో వాళ్లకు చెప్పడానికే మాకు మొహం చెల్లడం లేదు. ఆ బస్తాలు తిరిగి ఇచ్చేయండి. షాపతను మార్చి ఇవ్వనంటే, కనీసం ఎండలో ఆరబోసి జల్లించాకే వండమని చెప్పండి.

పప్పు గురించి ఎక్కువ రాయను, గిన్నెలో గరిటె తిప్పితే మీకే తెలుస్తుంది. కూరగాయలు మాత్రం ఖర్చు లేకుండానే బాగుపడతాయి. వారమంతా దోసకాయ, వంకాయ, మళ్లీ దోసకాయ. అవి కూడా వారానికి ఒకసారే వస్తున్నాయి, నాలుగో రోజుకు మెత్తబడిపోతున్నాయి. కుమార్‌పల్లి మార్కెట్ దగ్గరే కదా. వారానికి రెండుసార్లు తెప్పిస్తే చాలు, పాలకూర, బీరకాయ, ఆనపకాయ ఏది చవకగా దొరికితే అదే తింటాం. కావాలంటే వంతులవారీగా మాలో ఇద్దరం పొద్దున వెళ్లి తెస్తాం, డబ్బులు, చిట్టీ ఇస్తే లెక్క రాసి పెడతాం.

తాగే నీళ్ల ఫిల్టర్ కూడా ఒకసారి సర్వీస్ చేయించండి. నీళ్లకు ఏదో వాసన వస్తోంది. సగం మంది బయట క్యాన్ కొనుక్కుంటున్నారు.

ఇక మేం అడిగేది. అన్నం రెండు పూటలా వేరేగా వండాలి, పొద్దుటిది రాత్రికి కలపకూడదు. ఇది మాత్రం రేపటి నుంచే కావాలి. ఆలస్యంగా వచ్చేవాళ్ల పేర్లు సాయంత్రం ఆరింటికల్లా గ్రూపులో పెడతాం, ఎంత వండాలో అక్కకు లెక్క తెలుస్తుంది, మిగలడం కూడా తగ్గుతుంది. మిగతావి ఒక్కరోజులో కావని మాకూ తెలుసు.

అక్కకు తోడుగా ఒక మనిషిని పెట్టాలి. ఖర్చు పెరుగుతుందని మీరు అనొచ్చు, గ్యాసు, నూనె ధరలు మేమూ చూస్తున్నాం. మనిషికి నెలకు 200 పెంచితే 38 మందికి 7,600 అవుతుంది. సాయంత్రం పూట వచ్చే మనిషికి అది సరిపోవచ్చు అనుకుంటున్నాం. అయితే దాపరికం లేకుండా చెప్తున్నాను, దీనికి అందరూ ఒప్పుకోలేదు. ఉద్యోగం చేసేవాళ్లం సరే అన్నాం. గ్రూప్స్‌కు, డీఎస్సీకి చదివే అమ్మాయిలకు 200 కూడా భారమే, వాళ్ల ఇళ్ల నుంచి వచ్చేదే అంతంత మాత్రం. వాళ్ల వాటా వదిలేసి ఎట్లా చేయొచ్చో మీరే ఒక దారి చూడండి. ఒప్పుకున్నవాళ్లం కూడా ముందు మార్పు చూశాకే, వచ్చే నెల నుంచి కడతాం.

గూగుల్‌లో రివ్యూ పెడదామని, ఫొటోలు బయట గ్రూపుల్లో వేద్దామని కొందరు కోపంలో అన్నారు. నేనే వద్దన్నాను. జ్వరం వస్తే రాత్రిపూట మీరే ఆటో పిలిచి ఆస్పత్రికి తీసుకెళ్లిన రోజులు మాకు గుర్తున్నాయి. మీతో చెప్పకుండా ఊరంతా చెప్పడం మర్యాద కాదు. కానీ అందరినీ ఎన్నాళ్లో నేను ఆపలేను ఆంటీ. ఈ నెలాఖరులోగా అన్నం సంగతి, బియ్యం సంగతి తేలకపోతే మా రూము, పక్క రూము కలిపి ఐదుగురం వచ్చే నెల నోటీసు ఇచ్చేస్తాం. అప్పుడు అడ్వాన్స్‌లో భోజనం పేరు మీద కోతలు వద్దని ఇప్పుడే అడుగుతున్నాను. వెళ్లాలని మాకు లేదు. ఇక్కడి నుంచి కేయూ క్రాస్‌రోడ్స్‌కైనా, బస్టాండ్‌కైనా పది నిమిషాలు, పైగా మీ దగ్గర ఉన్నామంటే ఇంట్లో వాళ్లకు టెన్షన్ ఉండదు.

ఈ ఆదివారం పదకొండింటికి మీరు రాగలిగితే కింద హాల్లో కూర్చుని మాట్లాడుకుందాం. వచ్చే ముందు ఫోన్ చేయకుండా శనివారం రాత్రి తొమ్మిదిన్నరకు ఒకసారి వచ్చి మాతో పాటు తినండి, ఇంకా మంచిది. వీలవుతుందో లేదో రేపు సాయంత్రంలోగా ఒక్క మాట పెట్టండి. ఆదివారం డ్యూటీ ఉన్నవాళ్లు షిఫ్ట్ మార్చుకోవాలి.

ఇట్లు,
204 నుంచి, రెండో అంతస్తు అమ్మాయిలందరి తరఫున